900 మీటర్ల 75 పైపు: లెక్కలో 15 మీటర్లు పోతోంది, గేజీల్లో 24. తేడా ఎక్కడ?

ప్రత్తిపాడు మిర్చి · ఆదివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది గుంటూరు పక్కన ప్రత్తిపాడు. బోరు మా ఇంటి చేలో ఉంది. కొత్తగా కౌలుకు తీసుకున్న మూడెకరాలు డొంక అవతల, పైపు వెంబడి కొలిస్తే 900 మీటర్ల దూరం. పోయిన వేసవిలో 75 పీవీసీ, 6 కేజీల ప్రెషరు తట్టుకునే రకం, భూమిలో వేయించాం. మోటారు ఏడున్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్. చివర ఫిల్టరు పెట్టి మిర్చికి డ్రిప్ ఇచ్చాం. అరెకరానికి ఒక వాల్వు చొప్పున ఆరు వాల్వులు, ఒక్కో విడతకు మూడు తీస్తాం.

ఇబ్బంది ఏంటంటే, ఫిల్టరు ముందు గేజీ ఒక కేజీ దాటడం లేదు. సాళ్ళ చివర మొక్కలు పదింటికల్లా వాడిపోతున్నాయి. డ్రిప్ వేసినవాళ్ళు ఫిల్టరు ముందు కనీసం కేజీన్నర ఉండాలన్నారు.

నేను మెకానికల్ చదివాను కాబట్టి హేజెన్-విలియమ్స్ సూత్రంతో లెక్క వేశాను. నీళ్ళు సెకనుకు 5 లీటర్లు, పైపు లోపలి నునుపుకు వేసే సి విలువ పీవీసీకి 150. ఎక్సెల్‌లో ఇలా పెట్టాను:

```
=10.67*900*0.005^1.852/(150^1.852*0.075^4.87)
```

14.8 మీటర్లు వచ్చింది. కానీ బోరు దగ్గర గేజీ 3.4 చూపిస్తోంది, చేలో గేజీ 1.0. అంటే 24 మీటర్లు పోతోంది. కొత్త చేను కాస్త మెరక, ఒకటి రెండు మీటర్లు ఉండొచ్చు. అది తీసేసినా ఏడెనిమిది మీటర్లు లెక్కకు అందడం లేదు. సూత్రం తప్పు రాశానా, పైపులో ఏదైనా ఉందా?

పేట డ్రిప్ ఫిట్టర్ · ఆదివారం రాత్రి 9:34

అన్నా, సూత్రం కరెక్టే, సి తప్పు. 150 కొత్త పైపుకి, అదీ కంపెనీ కాగితం మీద. మన బోర్లన్నీ ఉప్పు నీళ్ళు. ఒక్క సీజన్ తిరిగేసరికి లోపల పొర కడుతుంది. 120 పెట్టి చూడు, సరిపోతుంది. నేను నరసరావుపేట చుట్టుపక్కల పదేళ్ళుగా డ్రిప్ బిగిస్తున్నా, సాళ్ళ వెంబడి పరిచే సన్న డ్రిప్ పైపుల్లో, అదే లాటరల్స్‌లో, తెల్లటి పొర ఎంత కడుతుందో రోజూ చూస్తా. యాసిడ్ పెట్టి ఒకసారి కడిగించు.

ప్రత్తిపాడు మిర్చి · ఆదివారం రాత్రి 9:41

120 పెడితే 22.3 వచ్చింది అన్నా! మెరక కలిపితే దాదాపు 24. అచ్చం సరిపోయింది. అయితే యాసిడ్ ఎంత పట్టించాలి? 900 మీటర్ల పైపులోనే మూడున్నర వేల లీటర్ల దాకా నీళ్ళుంటాయి.

పటమట ఫ్లాట్ 302 · ఆదివారం రాత్రి 9:58

బాబూ, నేను విజయవాడలో ఉంటాను, వ్యవసాయం తెలియదు. కానీ మా అపార్ట్‌మెంట్‌లోనూ ఇలాగే నీళ్ళు నష్టపోతుంటే గోడ పగలగొట్టి చూశారు, ఎల్బో దగ్గర కారుతోంది. 24 మీటర్ల పైపు నీళ్ళు పోతున్నాయంటే ముందు కారేది ఎక్కడో వెతకాలి గదా, లెక్కలెందుకు?

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · ఆదివారం రాత్రి 10:20

అమ్మా, ఇక్కడ పోయేది నీళ్ళు కాదు, నీటిని నెట్టే బలం. పైపు గోడ రాపిడికి ప్రెషరు తగ్గుతూ పోతుంది. బోరు దగ్గర 5 లీటర్లు ఎక్కితే చివర 5 లీటర్లే దిగుతాయి, కానీ నెమ్మదించిన బలంతో దిగుతాయి. ఆ బలాన్ని నీటి స్తంభం ఎత్తుగా చెప్పుకుంటాం, అందుకే మీటర్లు. గేజీ మీద ఒక కేజీ అంటే 10 మీటర్ల ఎత్తు నీరు.

అయినా మీరన్న కారుడు మాట తీసిపారేయదగ్గది కాదు. మధ్యలో కారుతుంటే కారే చోటు దాకా పైపులో 5 కన్నా ఎక్కువ నీరు నడుస్తుంది. అప్పుడు నష్టం లెక్కకన్నా ఎక్కువే కనిపిస్తుంది. దాన్ని కూడా పరీక్షిద్దాం.

ప్రత్తిపాడు బాబూ, యాసిడ్ కొనకండి. సంఖ్య కలిసినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. నాకు మూడు విషయాలు చెప్పండి. ఒకటి, 75 అనేది ఎక్కడ కొలిచారు? పైపు మీద అచ్చువేసిన 75 బయటి వ్యాసం, సూత్రానికి కావలసింది లోపలిది. రెండు, సెకనుకు 5 లీటర్లని ఎలా తెలిసింది? మూడు, మెరక నిజంగా ఎంత?

ప్రత్తిపాడు మిర్చి · సోమవారం ఉదయం 7:05

సార్, నమస్కారం. మొదటిదానికి ఇప్పుడే చెప్పగలను. బయటి వ్యాసం, లోపలి వ్యాసం తేడా నాకు తెలుసు. అందుకే మిగిలిన పైపు తీసుకుని స్వయంగా స్కేలు పెట్టి లోపల కొలిచాను. లోపలే 75 ఉంది సార్. కావాలంటే ఫొటో పెడతాను.

రెండోది, 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండింది.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · సోమవారం ఉదయం 7:30

లోపల 75 ఉన్న పైపును 75 పైపని అమ్మరు బాబూ. పైపుకు రెండు కొసలుంటాయి. ఒక కొస మామూలుగా ఉంటుంది. రెండో కొసను, ఇంకో పైపు దూరడానికి, ఫ్యాక్టరీలో వేడి చేసి వెడల్పు చేస్తారు. దాన్ని సాకెట్ కొస అంటాం. మీరు ఏ కొసన కొలిచారు?

ప్రత్తిపాడు మిర్చి · సోమవారం ఉదయం 8:15

సార్, సాకెట్ కొసనే కొలిచాను. ఇప్పుడు షెడ్డు దగ్గరకెళ్ళి చూశాను. మిగిలిన ముక్క గోడకు ఆనించి ఉంది, సాకెట్ కొస పైకి ఉంది, అందుకని దాంట్లోనే స్కేలు పెట్టేశాను.

ఇప్పుడు ఆక్సా బ్లేడుతో మధ్యలో కోసి, అంచు గరుకంతా గీకి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కొలిచాను. రెండు వైపులా 70. గోడ మందం రెండున్నర మిల్లీమీటర్ల పైన ఉంది.

0.075 తీసి 0.070 పెడితే, సి 150 తోనే 20.7 మీటర్లు వచ్చింది. అయిదు మిల్లీమీటర్లకు ఆరు మీటర్ల తేడా!

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · సోమవారం ఉదయం 9:02

వ్యాసం మీద ఘాతం 4.87 అని మీరే టైపు చేశారు, చూడండి. వ్యాసాన్ని దాదాపు అయిదుసార్లు దానితోనే గుణించినట్టు. అందుకే ఈ లెక్కలో మిగతావన్నీ ఒక ఎత్తు, లోపలి వ్యాసం ఒక ఎత్తు. అదే 75 పైపు 4 కేజీల రకమైతే గోడ పలచన, లోపల వెడల్పు, నష్టం తక్కువ. 10 కేజీల రకమైతే గోడ మందం, నష్టం ఎక్కువ. "75 పైపుకి వంద మీటర్లకు ఇంత" అని ఎవరైనా చెబితే ఏ రకానికి అని అడగాలి. మీ పైపుకు, మీ నీళ్ళకు వంద మీటర్లకు 2.3 మీటర్లు.

ఇప్పుడు ఫిట్టర్ గారి 120 సంగతి. బయటి వ్యాసం వేయడం వల్ల తగ్గిన నష్టాన్ని, సి తగ్గించి పెంచారు. రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఇందులో చిక్కేమిటంటే, నీళ్ళు తగ్గించి పెంచి ఎన్ని రీడింగులు తీసినా ఆ తప్పు బయటపడదు. సి అయినా వ్యాసమైనా సూత్రంలో ఒకే గుణకంలా పనిచేస్తాయి. నీటి మీదున్న 1.852 ఘాతం మారదు. అందుకే పైపు కోసి చూడడం తప్ప దారి లేదు. భూమిలో ఉన్న లైను లోపల ఎలా ఉందో చూశారా?

పేట డ్రిప్ ఫిట్టర్ · సోమవారం ఉదయం 9:40

సార్, నేను చెప్పింది ఊహ కాదు. లాటరల్స్‌లో పొర కట్టడం నా కళ్ళతో చూసిందే.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · సోమవారం ఉదయం 10:05

మీరు చూసింది నిజం. లాటరల్ ఎండలో పడి ఉంటుంది, నీళ్ళు ఆపాక లోపల మిగిలినవి వేడెక్కి ఆరిపోతాయి, ఉప్పు అక్కడే మిగులుతుంది. డ్రిప్పర్ రంధ్రం సన్నం కాబట్టి చిటికెడు ఉప్పు చాలు మూసుకుపోవడానికి. మూడడుగుల లోతున ఎప్పుడూ నిండుగా ఉండే మెయిన్ లైనుకు ఆ పరిస్థితి లేదు. ఉందో లేదో ఆయన చూసి చెప్పనివ్వండి.

కొల్లిపర రైతు · సోమవారం మధ్యాహ్నం 1:15

మేం కాలవ కింద వాళ్ళం. డీజిలు ఇంజను, 160 పైపు, అరవై మీటర్లు. ఈ లెక్కలేవీ ఎప్పుడూ వేసుకోలేదు. పైపు లావుది వెయ్యండి బాబూ, అన్నీ అవే సర్దుకుంటాయి. ఇంతకీ మా ఇంజను ఈ ఏడు నీళ్ళు సగమే ఎత్తుతోంది, అదీ ఈ రాపిడేనా?

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · సోమవారం మధ్యాహ్నం 1:50

అరవై మీటర్ల 160 పైపులో రాపిడి మీకు లెక్కలోకి రాదు. పోయినేడు బాగా ఎత్తి ఈ ఏడు సగానికి వచ్చిందంటే పైపు మారలేదు గదా. పీల్చే వైపు చూడండి. ఫుట్‌వాల్వుకు చెత్త చుట్టుకుందేమో, జాయింటులో గాలి లాగుతోందేమో. ఇక్కడ కలిపితే రెండూ చెడతాయి, వేరే చర్చ తెరవండి, అక్కడ మాట్లాడుకుందాం.

ప్రత్తిపాడు మిర్చి · మంగళవారం సాయంత్రం 6:30

సార్, నిన్నా ఇవాళా చేసినవన్నీ రాస్తున్నాను.

లైను లోపలి సంగతి: డొంక దాటే చోట ట్రాక్టరు బరువుకు ఒక జాయింటు ముందే ఇబ్బంది పెడుతోంది. ఎలాగూ మార్చాలని అక్కడ తవ్వి ఒక అడుగు ముక్క కోశాం. లోపల లేత గోధుమ రంగు పలచటి జిగురు ఉంది. బొటనవేలితో రాస్తే వేలికి వచ్చేసింది, కింద పైపు నున్నగా మెరుస్తోంది. గట్టి పొర ఎక్కడా లేదు. వ్యాసం అక్కడా 70.

డ్రమ్ము సంగతి: అంచు దాకా నిండితే 200 కన్నా ఎక్కువ పడుతుందని అనుమానం వచ్చింది. 20 లీటర్ల వాటర్ క్యాను పదిసార్లు పోసి, అక్కడ పెయింటుతో గీత గీశాను. గీత అంచుకు జానెడు తక్కువలో పడలేదు గానీ నాలుగు వేళ్ళ కిందే ఉంది. మొదటిసారి కూడా నేను కంటికి గీత దాకానే ఆపాను, కాబట్టి పెద్ద తేడా లేదు. చేలో వాల్వులు మూసి, ఫిల్టరు ముందున్న బైపాస్ గేట్‌వాల్వును గేజీ సరిగ్గా 1.0 చూపేదాకా తిప్పి, డ్రమ్ములో పట్టాను. మూడుసార్లు పడితే 39, 41, 40 సెకన్లు.

గేజీ 1.0 లో ఉంచాకే పట్టాలని ఎందుకు అనిపించిందంటే, ముందు పూర్తిగా తెరిచి పట్టి చూశాను. 35 సెకన్లకే నిండింది. అది డ్రిప్ నడిచేటప్పటి నీళ్ళు కాదు.

మెరక ఎంతో మాత్రం ఇంకా కొలవలేదు సార్. 900 మీటర్లు మేస్త్రీల లెవెల్ ట్యూబుతో పోవాలంటే ఒక రోజు పని.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · మంగళవారం రాత్రి 8:10

బైపాస్ దగ్గర చేసిన పని చాలా బాగా చేశారు. ఎక్కువ మంది అక్కడే పడిపోతారు. పైపు నోరు తెరిచి నీళ్ళు కొలుస్తారు, డ్రిప్ నడుస్తుండగా ప్రెషరు చూస్తారు, ఆ రెంటినీ ఒకే లెక్కలో వేస్తారు. 35 సెకన్ల నీళ్ళు వేసి ఉంటే 26 మీటర్ల పైన వచ్చి ఇంకో గందరగోళం అయ్యేది.

మెరకకు లెవెల్ ట్యూబు అక్కర్లేదు, మీ గేజీలే చెబుతాయి. చేలో వాల్వులన్నీ మూసి మోటారు ఒక్క క్షణం నడిపి ఆపండి. బోరు దగ్గర గేజీ దాటాక ఉన్న గేట్‌వాల్వును, ఆపే ముందే, మూసేయండి... ఆగండి, గేజీ ఆ వాల్వుకు ఏ వైపు ఉంది? చేను వైపు ఉండాలి. ఉంటే, పైపులో ప్రెషరు బిగిసి నిలబడుతుంది. నీరు కదలనప్పుడు రాపిడి లేదు. అప్పుడు రెండు గేజీల మధ్య కనిపించే తేడా మెరక ఒక్కటే. గేజీల్లో ఏదైనా కాస్త తప్పు చూపుతుంటే ఆ తప్పు కూడా అందులోనే కలిసిపోతుంది. నడుస్తున్నప్పటి తేడాలోంచి దీన్ని తీసేస్తే మిగిలేది నికరమైన రాపిడి. ఒక మనిషి ఇటు, ఒక మనిషి అటు నిలబడి ఫోనులో ఒకేసారి చదవండి.

అలాగే ఒక అరగంట వదిలేయండి. ముళ్ళు కిందికి దిగకపోతే ఫ్లాట్ 302 గారి అనుమానం కూడా తీరుతుంది.

గుంటూరు లెక్చరర్ · మంగళవారం రాత్రి 9:25

ఆసక్తిగా చదువుతున్నాను. ఒక మాట. ఈ సూత్రం 1900ల మొదట్లో అలెన్ హేజెన్, గార్డ్‌నర్ విలియమ్స్ అనే అమెరికా ఇంజనీర్లు పైపుల మీద కొలతలు చూసి కట్టింది. అందులో నీటి వేడి ఎక్కడా లేదు. చల్లటి నీళ్ళకూ మన బోరు నీళ్ళకూ ఒకటే జవాబు ఇస్తుంది. 30 డిగ్రీల దగ్గర నీరు పలచబడుతుంది, రాపిడి తగ్గుతుంది. డార్సీ పద్ధతిలో, నున్నటి పైపు అనుకుని మీ అంకెలే వేస్తే నాకు 19.3 మీటర్లు వచ్చింది. 20 డిగ్రీల నీళ్ళకైతే 20.3. కాబట్టి సరైన పద్ధతి డార్సీయే. విద్యార్థులకు నేను హేజెన్-విలియమ్స్ వాడొద్దనే చెబుతాను.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · మంగళవారం రాత్రి 9:50

మీరన్నది ఒప్పుకుంటాను. నూనెకో, వేడినీళ్ళకో, సన్నటి గొట్టానికో దీన్ని వాడకూడదు. కానీ 70 మిల్లీమీటర్ల పైపు, సెకనుకు 1.3 మీటర్ల వేగం, మామూలు నీళ్ళు, ఇది సరిగ్గా ఆ సూత్రం పుట్టిన చోటే. 19.3 కీ 20.7 కీ ఉన్న తేడా మీద గొడవ పడేముందు ఆయన డ్రమ్ము చూడండి. 40 సెకన్లలో ఒక్క సెకను అటూ ఇటూ అయితే నష్టం లెక్క ఒక మీటరు మారుతుంది. ఆయనకు 39 వచ్చింది, 41 వచ్చింది. మీరు చెప్పే తేడాలో ఎక్కువ భాగం స్టాప్‌వాచీలోనే దాగుతుంది.

గుంటూరు లెక్చరర్ · మంగళవారం రాత్రి 10:02

కొలత తప్పు ఉందని సూత్రంలో తప్పు ఉంచుకోవడం నాకు సమ్మతం కాదు. కానీ చేనులో నిర్ణయానికి తేడా రాదన్న మాట ఒప్పుకుంటాను.

ప్రత్తిపాడు మిర్చి · బుధవారం సాయంత్రం 5:45

గేజీ చేను వైపే ఉంది సార్. తమ్ముడు బోరు దగ్గర, నేను చేలో. మోటారు ఆగాక అక్కడ ముల్లు 2.2 మీద నిలిచింది. నా దగ్గర 2.0 గీతకూ 2.1 గీతకూ సరిగ్గా మధ్యలో ఉంది. తేడా 0.15, అంటే మీటరున్నర. అరగంట కూర్చున్నాం, రెండు ముళ్ళూ కదల్లేదు.

అంటే 24 లో మీటరున్నర పోగా రాపిడి 22.5. లెక్కలో 20.7. ఇంకా 1.8 మిగిలింది. ఎల్బోలు ఎనిమిది ఉన్నాయి. ఇది ఎల్బోలేనా?

పేట డ్రిప్ ఫిట్టర్ · బుధవారం సాయంత్రం 6:10

ఎల్బోలే అన్నా. ఒక్కో ఎల్బోకి అర మీటరు వేసుకుంటాం మేము. అన్నీ తీసి లాంగ్ బెండ్లు వేయించు.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · బుధవారం రాత్రి 7:40

అర మీటరు చాలా ఎక్కువ. మీ వేగంలో నీటికున్న ఊపు మొత్తం 0.086 మీటర్లు. ఒక ఎల్బో అందులో సుమారు పదింట తొమ్మిది వంతులు తినేస్తుంది. ఎనిమిదీ కలిసి 0.6 మీటరు. పొట్టి పైపులో ఎల్బోలు పెద్ద విషయం, 900 మీటర్లలో కాదు. వాటి కోసం డొంక తవ్వకండి.

ఇప్పుడు 21.3 అయింది, మిగిలింది 1.2 మీటర్లు. గేజీ మీద అది 0.12, ముల్లు ఒక గీత అటు ఇటు. దీనికి కారణం ఒక్కటని నేను చెప్పలేను. ఆ జిగురు వల్ల సి 150 కాక 145 అయితే నష్టం 22.0 అవుతుంది, సరిపోతుంది. లోపల 70 కాక 69.4 అయితే 21.5, సరిపోతుంది. నీళ్ళు 5.1 అయినా సరిపోతుంది. కొత్త లైను వేసేవాళ్ళకు నేనైతే 145 పెట్టుకోమంటాను, కాస్త గుక్క మిగులుతుంది. మీ లైను సి ఎంత అంటే మాత్రం 140 కి పైన, అంతవరకే.

గుంటూరు లెక్చరర్ · బుధవారం రాత్రి 8:05

నీటి వేడి లెక్కలోకి తీసుకుంటే నష్టం ఇంకా తక్కువ రావాలి గదా. కాబట్టి జిగురు ప్రభావం మీరనుకున్నదానికన్నా ఎక్కువే అని నా అభిప్రాయం.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · బుధవారం రాత్రి 8:15

అయ్యుండొచ్చు. ఈ గేజీలతో మీరు నన్నూ, నేను మిమ్మల్నీ ఒప్పించలేం.

ప్రత్తిపాడు మిర్చి · బుధవారం రాత్రి 8:40

సరే సార్, పైపు దోషం లేదని అర్థమైంది. పైపు సన్నది, అంతే. అయితే ఇప్పుడు నాకు కావలసిన అర కేజీ ఎలా? అంటే 5 మీటర్లు.

పేట డ్రిప్ ఫిట్టర్ · బుధవారం రాత్రి 8:52

మొత్తం తీసేసి 90 వేసేయి అన్నా. నిన్ను ఆ రోజే 90 వెయ్యమనాల్సింది ఎవరైనా.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · బుధవారం రాత్రి 9:30

90 లోపల సుమారు 84 ఉంటుంది. అదే నీళ్ళకు వంద మీటర్లకు ఒక మీటరు కూడా పోదు, 0.95 అనుకోండి. 75 లో 2.3. అంటే మార్చిన ప్రతి వంద మీటర్లకూ 1.35 మీటర్లు మిగులుతుంది. మీకు కావలసింది 5 అయితే 400 మీటర్లు మారిస్తే చాలు, మొత్తం 900 ఎందుకు? అదీ ఇప్పుడే కాదు.

ముందు డబ్బు ఖర్చు లేనిది ఒకటి ఉంది. విడతకు మూడు వాల్వులు తీస్తున్నామన్నారు. రెండే తీయండి.

నీళ్ళ మీద ఘాతం 1.852 అన్నాం గదా. నీళ్ళు కొంచెం తగ్గితే నష్టం చాలా తగ్గుతుంది. మూడు వాల్వులకు 5 లీటర్లయితే రెంటికి 3.3 అనిపిస్తుంది, కానీ అక్కడ ఆగదు. రాపిడి తగ్గగానే చేలో ప్రెషరు పెరుగుతుంది, ప్రెషరు పెరిగితే డ్రిప్పర్లు ఎక్కువ పోస్తాయి. నీళ్ళు తగ్గాయి కాబట్టి మోటారు కూడా కాస్త ఎక్కువ ప్రెషరు ఇస్తుంది. ఇవన్నీ ఒకచోట కుదురుకోవాలి. ఒక అంకె అనుకుని, చూసి, సరిదిద్దుకుంటూ పోతే నాకు సెకనుకు 4.4 లీటర్ల దగ్గర ఆగింది. ఆ నీళ్ళకు పైపు నష్టం 20.7 నుంచి 16.3 కి పడుతుంది. ఎల్బోలు, మెరక తీసేస్తే మీ ఫిల్టరు ముందు 1.7 రావాలి. ఎన్ని నీళ్ళకు మోటారు ఎంత ప్రెషరు ఇస్తుందో చూపే గీత నా దగ్గర లేదు. బోరు దగ్గర 3.6 వస్తుందని నేను అనుకున్నది, అది మీరు చూసి చెప్పాలి.

కొల్లిపర రైతు · బుధవారం రాత్రి 9:48

రెండే తీస్తే తడి పూర్తయ్యేసరికి కరెంటు పోదా సార్? మూడు విడతలు కావాలి గదా.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · బుధవారం రాత్రి 10:10

మంచి ప్రశ్న. ఇప్పుడు ఒక్కో వాల్వుకు 1.67 లీటర్లు పోతోంది, రెండే తీస్తే ఒక్కోదానికి 2.2. అంటే మూడు గంటల తడి రెండుంపావు గంటలకే అయిపోతుంది. రెండు విడతలకు ఆరు గంటలు పట్టేది, మూడు విడతలకు ఆరు గంటల యాభై నిమిషాల లోపు అవుతుంది.

ప్రత్తిపాడు మిర్చి · శనివారం మధ్యాహ్నం 12:20

సార్, రెండు రోజులు రెండేసి వాల్వులతోనే నడిపాం. బోరు దగ్గర 3.6. ఫిల్టరు ముందు 1.7. బైపాస్ మీద అదే 1.7 పెట్టి డ్రమ్ము పడితే గీత దాకా 45 సెకన్లు, అంటే 4.44 లీటర్లు.

ఎక్సెల్‌లో మళ్ళీ వేశాను. తేడా 19, మెరక మీటరున్నర, ఎల్బోలు అర మీటరు తీస్తే పైపు రాపిడి 17.0. సి 150 తో 16.6 వస్తోంది, 145 తో 17.7. మధ్యలో పడింది.

పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి నాలుగింటిలోపు ఆరు వాల్వులూ పూర్తయ్యాయి. మాకు పగటి కరెంటు తొమ్మిది గంటలుంటుంది, ఇబ్బంది లేదు. సాళ్ళ చివర గుక్కెడు గ్లాసు పెట్టి పట్టి చూశాను, మొదటి మొక్క దగ్గరా చివరి మొక్క దగ్గరా దాదాపు ఒకేలా పడుతోంది.

పేట డ్రిప్ ఫిట్టర్ · శనివారం మధ్యాహ్నం 12:45

అన్నా, ఆ మోటారు ఆపి రెండు గేజీలు చూసే పద్ధతి నాకు కొత్త. సోమవారం ఒక చోట 75 లైను 1100 మీటర్లు వేయబోతున్నాం, అక్కడ బోరు దగ్గరా చివరా గేజీ కింద కాక్ పెట్టిస్తా. సార్, ఆ రైతుకు సెకనుకు 6 లీటర్లు కావాలట, 6 కేజీల 75 నే కొనేశాడు.

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · శనివారం మధ్యాహ్నం 1:05

6 లీటర్లకు ఆ పైపులో వంద మీటర్లకు 3.2 మీటర్లు పోతుంది, 1100 కి 35 మీటర్లు. గేజీ మీద మూడున్నర కేజీలు దారిలోనే పోతాయి. పైపు ఇంకా విప్పకపోతే, షాపువాడు తిరిగి తీసుకుంటాడేమో ఇవాళే అడగమనండి.

ప్రత్తిపాడు మిర్చి · శనివారం మధ్యాహ్నం 1:30

సార్, ఒకటే మిగిలింది. ఏప్రిల్‌కి మా బోరులో నీళ్ళు లోతుకు పోతాయి. అప్పుడు బోరు దగ్గర 3.6 రాదు. 400 మీటర్ల 90 అప్పుడు వేయాలా, ఒక్కో వాల్వే తీసుకుంటూ నెట్టుకురావాలా?

రిటైర్డ్ ఏఈ, బెజవాడ · శనివారం మధ్యాహ్నం 1:48

ఎంత లోతుకు పోతుందో తెలియకుండా చెప్పలేను. వారానికోసారి, రెండు వాల్వులు తీసి ఉన్నప్పుడు, బోరు గేజీ రాసి పెట్టండి. 3.3 కి దిగిన రోజు ఇక్కడ రాయండి, అప్పుడు లెక్క వేద్దాం.